రేపు కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మొదలు, పొద్దున్నే దుకాణంలో వాళ్లకు ఏం చెప్పాలి?

చౌరస్తా_కిరాణం
వరంగల్ చౌరస్తా దగ్గర మాది కిరాణా దుకాణం, నాన్న పెట్టింది. ఇన్నాళ్లూ చిట్టీ మీద చేత్తో రాసి, గల్లా దగ్గర కూడి డబ్బు తీసుకునేవాళ్లం. రేపు బుధవారం నుంచి కంప్యూటర్ బిల్లు. సరుకుల పేర్లు, రేట్లు ఎక్కించాం. ఆదివారం షట్టర్ వేసుకుని స్టాకు లెక్కపెట్టాం. పనిచేసేవాళ్లు ఆరుగురు. ఒకరు నా చిన్నప్పటి నుంచి ఉన్న పెద్ద గుమాస్తా, కాకా అని పిలుస్తాను. ఇద్దరు డిగ్రీ చదివిన పిల్లలు. మిగతా ముగ్గురు సరుకు కట్టి ఇచ్చేవాళ్లు.

షట్టర్ తీసే ముందు పది నిమిషాలు అందరితో మాట్లాడాలి. రాసుకున్నది ఇది:

"ఈ రోజు నుంచి ప్రతి బిల్లూ కంప్యూటర్‌లోనే. ఎవరు ఏం కొట్టారో అంతా అందులో కనబడుతుంది. తప్పు చేస్తే దాచలేరు. గల్లాలో తక్కువ వస్తే బిల్లు కొట్టినవాళ్లదే బాధ్యత. అందరూ జాగ్రత్తగా ఉండండి."

మా ఇంటావిడ చదివి, పోలీస్ స్టేషన్‌లో చెప్పినట్టుంది అన్నది. ఏం తీసేయాలి, ఏం కలపాలి?

పెద్దపల్లి_జనరల్
ఏ సాఫ్ట్‌వేరో చెప్పలేదు. ప్రింటర్ రెండంగుళాలదైతే మాత్రం వాపసు ఇచ్చేయండి. సరుకు పేరు సగమే పడుతుంది, కస్టమర్లు అడిగి చంపుతారు.

చౌరస్తా_కిరాణం
కొనడం అయిపోయింది అన్నా, ప్రింటర్ మూడంగుళాలదే. నేను అడిగేది పనివాళ్లకు ఏం చెప్పాలని.

కౌంటర్_అక్క
వదిన చెప్పింది నిజం. నేను హన్మకొండలో సూపర్‌మార్కెట్ కౌంటర్ మీద నాలుగేళ్లుగా పనిచేస్తున్నా. అంతకుముందు చేసిన దుకాణంలో సాఫ్ట్‌వేర్ పెట్టిన మొదటి రోజు సేటు అచ్చం ఇట్లాగే మాట్లాడాడు. ఆ సాయంత్రం నా గల్లాలో 640 రూపాయలు తక్కువ వచ్చింది. జీతంలో కోశాడు. మూడు రోజుల తర్వాత తేలింది, ఒకాయన ఫోన్‌తో కడితే నేను నగదు అని కొట్టాను. డబ్బు సేటు బ్యాంకు ఖాతాలోనే ఉంది. కోసిన 640 మాత్రం తిరిగి రాలేదు.

ఆ తర్వాత మేం ఏం చేశామో వినండి. తప్పు పడితే చెప్పడమే మానేశాం. ఒక సరుకు రెండుసార్లు పడితే, అదే బిల్లులో ఇంకో సరుకు వదిలేసి మొత్తం సరిపెట్టేవాళ్లం. కస్టమర్ ఇచ్చిన డబ్బు సరిపోయేది, గల్లా రోజూ కుదిరేది, సేటు సంతోషం. స్టాకు మాత్రం ఒక్కటీ కుదిరేది కాదు. ఆర్నెల్ల తర్వాత లెక్కపెడితే నూనె ప్యాకెట్లు తక్కువ, సబ్బులు ఎక్కువ. అప్పుడు మేం దొంగలం అయ్యాం. ఎవరూ ఒక్క ప్యాకెట్ ఇంటికి తీసుకుపోలేదు.

మీరు రాసిన నాలుగు మాటల్లో "దాచలేరు" అన్నది మొదట తీసేయండి. ఆ మాట విన్నాకే మాకు దాచాలనిపించింది.

బట్టలబజార్_శారీస్
అక్క చెప్పింది సరే గాని, మరీ మెత్తగా చెప్తే నెత్తికెక్కుతారు. నా దగ్గర తప్పు బిల్లు పడితే డిలీట్ కొట్టెయ్యమని చెప్పాను. అయిపోయింది, అదే నంబర్ మీద మళ్లీ కొట్టుకుంటారు. ఎవరికీ టెన్షన్ లేదు.

లెక్కల_బాపు_కరీంనగర్
బట్టలబజార్ అన్నా, ఆ డిలీటే వద్దు. నేను పదిహేనేళ్లుగా దుకాణాల్లో లెక్కల సాఫ్ట్‌వేర్లు పెట్టి నేర్పిస్తున్నా. బిల్లు నంబర్లు వరుసగా పోవాలి, ఒక ఆర్థిక సంవత్సరంలో ఏ నంబరూ రెండుసార్లు రాకూడదు. అది జీఎస్టీ నిబంధన. నెలకో మూడు నెలలకో వేసే GSTR-1లో ఎక్కడి నుంచి ఎక్కడి దాకా నంబర్లు వాడారు, అందులో రద్దయినవి ఎన్ని అని అడుగుతారు. రద్దు బిల్లులు ఉండటం తప్పేమీ కాదు, వాటికి అక్కడ గడే ఉంది. మీరు డిలీట్ చేసి అదే నంబర్ మళ్లీ వాడితే, మొదటి బిల్లు కాగితం పట్టుకుని వెళ్లిపోయిన కస్టమర్ దగ్గర ఒక లెక్క, మీ దగ్గర ఇంకో లెక్క ఉంటుంది.

దానికంటే పెద్ద నష్టం గల్లా దగ్గర. డిలీట్ చేయగలిగితే డబ్బు తీసుకున్న బిల్లును కూడా చెరిపేయొచ్చు. ఎవరూ చేయకపోయినా, చేశారేమో అన్న అనుమానం అందరి మీదా పడుతుంది. కాబట్టి పనివాళ్ల లాగిన్లలో డిలీట్ మూసేసి, రద్దు మాత్రం ఉంచాలి. రద్దు చేసినప్పుడు కారణం రెండు ముక్కలు రాయాలి. తప్పు బిల్లు కాగితాన్ని చింపకుండా గల్లా పక్కన ఒక ముల్లుకు గుచ్చాలి. సాయంత్రం ఆ కాగితాలూ కంప్యూటర్‌లోని రద్దులూ ఒకే సంఖ్యలో ఉండాలి.

అయితే రద్దు ఎప్పుడంటే, కస్టమర్, సరుకు ఇంకా మీ ఎదురుగా ఉన్నప్పుడు. రెండు రోజుల తర్వాత సరుకు వాపసు తెస్తే పాత బిల్లును ముట్టుకోకూడదు. వాపసు కింద వేరే కాగితం, అంటే క్రెడిట్ నోట్, కొట్టాలి. మొదటి రోజు ఇదంతా చెప్పొద్దు. "వాపసు వస్తే నన్ను పిలవండి" అంటే చాలు.

బట్టలబజార్_శారీస్
నంబర్ సంగతి నాకు తెలియదు బాపు, మా ఆడిటర్ ఎప్పుడూ అనలేదు. మార్పిస్తా. కానీ కిరాణంలో 200 లోపు బిల్లే అక్కర్లేదు కదా. చిన్నచిన్నవి కంప్యూటర్‌లో ఎక్కించకుండా వదిలేస్తే మొదటి రోజు సగం భారం తగ్గుతుంది.

లెక్కల_బాపు_కరీంనగర్
సగం నిజం. 200 లోపు కొన్నాయనకు జీఎస్టీ నంబర్ లేకపోతే, ఆయన బిల్లు అడగకపోతే విడిగా ఇవ్వనక్కర్లేదు. కానీ అలాంటివన్నీ కలిపి రోజు ముగిసేసరికి ఒక బిల్లు చేయాలి. పైగా కిరాణంలో సగం అమ్మకం 200 లోపే ఉంటుంది. అవి ఎక్కించకపోతే ఆదివారం లెక్కపెట్టిన స్టాకు గురువారానికే పనికిరాదు. కాగితం ప్రింట్ చేయకపోయినా పరవాలేదు, ఎక్కించడం మానొద్దు.

నర్సంపేట_కాంటా
నాకు కిరాణమే, రెండేళ్ల కింద మార్చాను. మొదటి రోజు నన్ను ముంచింది లూజు సరుకు. మా పిల్లగాడు పావు కిలో కందిపప్పుకు 250 అని కొట్టాడు. అక్కడ లెక్క కిలోల్లో. కిలో 130 చొప్పున 32,500 బిల్లు వచ్చింది. కస్టమర్ నవ్వాడు, మేం నవ్వాం, సరిచేశాం. దాని వల్ల నష్టం లేదు.

నష్టం వచ్చింది బెల్లం దగ్గర. అర కిలోకు 0.5 కొట్టాల్సింది 0.05 కొట్టాడు. కిలో 60 అయితే 30 రూపాయలు పడాల్సింది 3 పడింది. పెద్ద బిల్లులో మధ్యన ఉంది, ఎవరూ చూడలేదు. అట్లా ఎన్ని పోయాయో తెలియదు. మేడారం జాతర ముందు బెల్లం కట్టలు కట్టలు పోయేటప్పుడు అయ్యుంటే నా పని అయిపోయేది.

ఇంకోటి, మన దగ్గర జనం కిలోల్లో అడగరు. పది రూపాయల జీలకర్ర, ఇరవై రూపాయల ఎల్లిగడ్డ అంటారు. పిల్లలు ఆ పదిని తూకం గడిలో కొడతారు.

కౌంటర్_అక్క
నర్సంపేట అన్న చెప్పినదానికి మా దగ్గర మందు ఉంది. పది రూపాయల జీలకర్ర, పది రూపాయల మిరియాలు, ఇట్లా ఎక్కువ అడిగేవి ముందే పొట్లాలు కట్టి ఒక్కోదానికి విడి కోడ్ ఇచ్చారు. అప్పుడు తూకం గడి ముట్టుకునే పనే లేదు, సంఖ్య ఒకటి, రెండు అంతే. మిగతా లూజుకు పావు, అర, ముప్పావు ఎలా కొట్టాలో ఒక అట్ట మీద రాసి తెర పక్కన అంటించాం. 0.250, 0.500, 0.750. చుక్క తర్వాత ఎప్పుడూ మూడు అంకెలు కొట్టడం అలవాటైతే 0.05 పడదు.

చౌరస్తా_కిరాణం
ఇది రేపే చేస్తా. జీలకర్ర, మిరియాలు, ఎల్లిగడ్డ, చాయ్‌పత్తి పొట్లాలు రాత్రికే కట్టిస్తున్నా.

బాపు, ఒక అనుమానం. కాకాకు ఇంగ్లిష్ రాదు. సాఫ్ట్‌వేర్‌లో పేర్లన్నీ ఇంగ్లిష్‌లో ఎక్కించాం. ఆయనను కంప్యూటర్ దగ్గరికి రావొద్దంటే బాధపడతాడు. రమ్మంటే లైన్ ఆగిపోతుంది.

లెక్కల_బాపు_కరీంనగర్
రోజూ ఎక్కువ అమ్మే నలభై లూజు సరుకులకు ఒకటి నుంచి నలభై దాకా కోడ్‌లు పెట్టండి. ఎదురుగా తెలుగులో మీ దుకాణంలో పిలిచే పేరే రాసి గోడకు అంటించండి. పల్లీలు 7, పుట్నాలు 8, చక్కెర 1. గుమాస్తాలకు అంకెలు మనకంటే బాగా గుర్తుంటాయి. వారంలో ఆయన గోడ చూడడం మానేస్తాడు.

ఒక్కటి మాత్రం చూసుకోండి. లూజు కందిపప్పు, కంపెనీ ప్యాకెట్ కందిపప్పు రెండూ రెండు సరుకులుగా ఉండాలి. లూజుకు పన్ను లేదు, లేబుల్ ఉన్న ప్యాకెట్‌కు 5 శాతం. ఒకటి బదులు ఇంకోటి కొడితే ధరతో పాటు పన్ను లెక్క కూడా తప్పుతుంది.

మెడికల్_పర్కాల
మాది మందుల షాపు కాబట్టి బ్యాచ్ నంబర్, గడువు తేదీ కూడా కొట్టాలి. మీకు ఆ బాధ లేదు, అదృష్టవంతులు.

లాగిన్ గురించి ఎవరూ చెప్పలేదు. మేం మొదట ఒకే పాస్‌వర్డ్ పెట్టి ముగ్గురికీ ఇచ్చాం. ఒకరోజు 50 ఎంజీ మాత్ర బదులు 100 పోయింది. కస్టమర్ వచ్చి చూపించాడు, దేవుని దయ వల్ల ఇంకా వేసుకోలేదు. ఎవరు కొట్టారో తేలలేదు. ముగ్గురి మొహాలూ మాడిపోయాయి. ఎవరిదో తెలిసి ఉంటే ఒక్కరితో మాట్లాడేవాణ్ని, ఎక్కడ పొరబడ్డాడో కనుక్కునేవాణ్ని. ఆ రోజే ముగ్గురికీ విడివిడి లాగిన్ పెట్టాను. చాయ్‌కి పోయినా లాగౌట్ చేసి పోతారు.

కౌంటర్_అక్క
లాగిన్ ఉండాలి, నేనూ ఒప్పుకుంటా. కానీ ఎందుకో ముందే చెప్పాలి. "మిమ్మల్ని కనిపెట్టడానికి" అని అర్థమైతే అందరూ ఒకరి పాస్‌వర్డ్ ఒకరు వాడుకుంటారు, అప్పుడు ఎవరి మీదా పడదని. "పక్కవాడి తప్పు నీ మీద పడకుండా" అని చెప్పండి. అది నిజం కూడా.

హుజూరాబాద్_హోల్‌సేల్
కరెంటు పోతే ఏం చేయాలో చెప్పారా? ఒక వారం చేత్తో కూడా రాసుకోండి, కంప్యూటర్‌లోనూ కొట్టండి. రెండూ ఉంటే ధైర్యం.

నర్సంపేట_కాంటా
రెండూ వద్దు హుజూరాబాద్ అన్నా. నేను చేశాను. లైన్ పెరిగేసరికి పిల్లలు చేత్తో రాసి, కంప్యూటర్‌లో తర్వాత కొడతాం అన్నారు. రాత్రి పదకొండింటికి వంద చిట్టీలు మిగిలాయి. చిట్టీ మీద "పప్పు 1" అని ఉంటే ఏ పప్పో ఎవరికి తెలుసు?

హుజూరాబాద్_హోల్‌సేల్
మాది హోల్‌సేల్, రోజుకు నలభై బిల్లులే. మాకు రెండూ నడిచాయి. రెండో రోజు ఒక తేడా దొరికింది కూడా.

లెక్కల_బాపు_కరీంనగర్
నలభై బిల్లులకు నడుస్తుంది, నాలుగు వందలకు నడవదు. కిరాణంలో ఒకటే అత్యవసర పుస్తకం పెట్టండి. నంబర్ల వరుస వేరేగా ఉండాలి, ముందు ఒక అక్షరం పెట్టి అచ్చు వేయించింది. కరెంటు పోయినా, మిషన్ ఆగినా అందులో రాయడం, రాసిన ప్రతిదీ ఆ రోజు గల్లా లెక్కకు ముందే ఎక్కించడం. మళ్లీ కరెంటు రాగానే పుస్తకం మూసి లోపల పెట్టాలి. ఎప్పుడు తీయాలో మీరే చెప్పాలి, పిల్లల ఇష్టానికి వదిలితే అదే అసలు పుస్తకం అవుతుంది.

ఇంకో ముక్క చెప్పి ఊరుకుంటా. ఒకే బార్‌కోడ్ మీద రెండు ధరలు ఉన్న సరుకులు చూసుకోండి. 2025 సెప్టెంబర్ 22న సబ్బులు, పేస్టులు, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5కు తగ్గినప్పుడు పాత ధర, కొత్త ధర పక్కపక్కనే ఉండి చాలామంది తికమకపడ్డారు. కంపెనీ ధర మార్చినప్పుడల్లా ఇదే జరుగుతుంది. స్కాన్ చేయగానే తెర మీద రెండు వరుసలు వస్తాయి. తొందరలో పిల్లలు పైవరుస మీద ఎంటర్ కొడతారు. ప్యాకెట్ మీద ధర చూసి వరుస ఎంచుకోమని చేత్తో చూపించండి.

జగిత్యాల_స్టేషనరీ
మొదటి బిల్లు మీ నాన్నగారితో కొట్టించండి. మా నాన్న నెల రోజులు ఆ మిషన్ వైపు చూడలేదు, బోణీ నా చేత్తో రాసేదే అని పట్టుబట్టి.

చౌరస్తా_కిరాణం
బుధవారం రాత్రి. అందరికీ ఏం జరిగిందో చెప్తాను.

పొద్దున్నే చాయ్ తెప్పించి, అందరినీ కంప్యూటర్ చుట్టూ నిలబెట్టి ఇట్లా చెప్పాను. గుర్తున్నంత వరకు రాస్తున్నా:

"ఈ రోజు బిల్లులు మెల్లగా పోతాయి. లైన్ పెరిగితే నేను కస్టమర్లతో మాట్లాడతా, మీరు తొందరపడకండి. ఈ రోజు తప్పులు పడతాయి, నాకు తెలుసు. తప్పు పడితే ఇంకో సరుకు తగ్గించి సరిపెట్టొద్దు. రద్దు కొట్టి, కారణం రాసి, కాగితం ఈ ముల్లుకు గుచ్చండి. ఈ నెలంతా గల్లాలో తక్కువ వచ్చినా ఎవరి జీతంలోనూ ఒక్క రూపాయి కోయను. నాన్న ముందు చెప్తున్నా. ఎవరి లాగిన్ వాళ్లదే, పక్కవాళ్ల తప్పు మీ మీద పడకుండా. డబ్బు తీసుకున్నాక నగదా, ఫోనా, ఉద్దెరా అని ఒక్కసారి చూసి అప్పుడు ఎంటర్ కొట్టండి. వాపసు వస్తే, మిషన్ ఆగితే నన్ను పిలవండి."

తర్వాత మాట్లాడ్డం ఆపి చేత్తో చూపించాను. ఒక ప్యాకెట్ స్కాన్, పావు కిలో పప్పు, ఒక తప్పు బిల్లు కావాలనే కొట్టి దాన్ని రద్దు చేయడం. ఆ రద్దు ఒక్కొక్కరితో ఒకసారి చేయించాను. బోణీ బిల్లు నాన్న కొట్టారు, కాకా పక్కన నిలబడి కోడ్‌లు చదివాడు.

సాయంత్రం లెక్క. కంప్యూటర్ ప్రకారం నగదు 38,460, ఫోన్ 21,300, ఉద్దెర 6,750. పొద్దున గల్లాలో చిల్లర కోసం 2,000 పెట్టాం. అంటే గల్లాలో 40,460 ఉండాలి. లెక్కపెడితే 39,280. 1,180 తక్కువ. నిజం చెప్తున్నా, ఒక నిమిషం నాకు కడుపులో తిప్పింది. అప్పుడు అక్క 640 గుర్తొచ్చి ఫోన్‌లో వచ్చిన మొత్తం చూశాను. 22,480. అక్కడ సరిగ్గా 1,180 ఎక్కువ. ఆ మొత్తంతో ఉన్న బిల్లు వెతికితే మధ్యాహ్నం రెండింటికి దొరికింది. ఫోన్‌తో కట్టారు, నగదు అని పడింది.

కొట్టిన పిల్లగాడే వచ్చి, "అన్నా అది నేనే, అప్పుడే అనుమానం వచ్చింది, లైన్ ఉందని ఊరుకున్నా" అన్నాడు. ముల్లు మీద పదకొండు కాగితాలు, కంప్యూటర్‌లో పదకొండు రద్దులు. అందులో ఏడు లూజు తూకాలే.

కౌంటర్_అక్క
కళ్లలో నీళ్లు తిరిగాయి తమ్ముడూ. ఆ పిల్లగాడు రేపు కూడా వచ్చి చెప్తాడు.

బట్టలబజార్_శారీస్
1,180 దొరికింది కాబట్టి సరిపోయింది. దొరక్కపోతే? నెలంతా కోయనని మాట ఇచ్చేశారు. నేనైతే వారం అనేవాణ్ని.

చౌరస్తా_కిరాణం
దొరక్కపోతే నా ఖర్చు అనుకునే చెప్పాను అన్నా. నెల తర్వాత ఏం చేయాలో ఇంకా ఆలోచించలేదు.

ఒకటి మాత్రం తేలలేదు. కాకా ఇన్నేళ్లుగా పాత కస్టమర్లకు 412 అయితే 400 తీసుకుంటాడు. ఈ రోజు కంప్యూటర్ ఒప్పుకోలేదు. ఒక పెద్దావిడ ముందు ఆయన చిన్నబోయాడు. తగ్గింపు ఇచ్చే అధికారం ఆయన లాగిన్‌కు ఇవ్వాలా, ఇస్తే ఎంత దాకా?

లెక్కల_బాపు_కరీంనగర్
ఇవ్వొద్దు. ఒకరికి ఇస్తే అందరూ ఆయన లాగిన్ అడుగుతారు. గల్లా మీద ఉన్న మీ నాన్నగారికి ఒక్కరికే ఉంచండి.

నర్సంపేట_కాంటా
నేను ఒప్పుకోను బాపు. ఆ పన్నెండు రూపాయల కోసమే ఆ పెద్దావిడ సూపర్‌మార్కెట్ దాటుకుని ఇంత దూరం వస్తుంది. బిల్లుకు 15 దాకా కాకాకు ఇవ్వండి, సాయంత్రం తగ్గింపుల మొత్తం చూసుకోండి. తగ్గింపు బిల్లులోనే పడాలి, గల్లాలో తక్కువగా మిగలకూడదు, అంతే.

చౌరస్తా_కిరాణం
నాన్నను అడిగాను. "ఆయన ఇచ్చిన మాట నేను ఎప్పుడూ కాదనలేదు" అన్నారు. రేపటికి 15 పెట్టి చూస్తా. శనివారం ఎంత తగ్గించాడో ఇక్కడే రాస్తా.